అతిథి వక్తను సభకు పరిచయం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ సెమినార్లలో, గ్రంథాలయ వారోత్సవాల్లో, ఊళ్లో సాహితీ సంస్థ నెలనెలా పెట్టే సభల్లో "వక్తను మీరే పరిచయం చేయాలి" అని ఎవరో ఒకరికి పని పడుతుంది. చేతికి రెండు మూడు పేజీల బయోడేటా వస్తుంది. ఆ కాగితాలతో ఏం చేయాలన్నది చాలామంది అడిగే విషయం. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులివి.

బయోడేటా మొత్తం చదివితే తప్పేముంది? వక్తే కదా పంపింది?

వక్త దాన్ని మీ సభ కోసం రాయలేదు. ఎప్పుడో ప్రమోషన్ కోసమో, అవార్డు దరఖాస్తు కోసమో రాసుకున్నది మీకూ పంపారు. ఎంపిక కమిటీకి ప్రతి డిగ్రీ, ప్రతి తేదీ కావాలి. సభలో కూర్చున్నవాళ్లకు కావలసింది అది కాదు. "ఈయన చెప్పేది నేనెందుకు వినాలి?" అనే ప్రశ్న ఒక్కటే వాళ్ల మనసులో ఉంటుంది. దానికి జవాబు బయోడేటాలో ఎక్కడో రెండో పేజీలో, మూడు లైన్లలో ఉంటుంది. మీరు పుట్టిన ఊరి దగ్గర మొదలుపెట్టి, ప్రాథమిక విద్య, ఇంటర్, డిగ్రీ మీదుగా అక్కడికి చేరేసరికి హాల్లో సగం మంది ఫోన్లు బయటికి తీసి ఉంటారు.

టైము లెక్క కూడా చూడండి. రెండు పేజీల బయోడేటాను మైకులో చదవడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ప్రసంగానికి ఇచ్చింది నలభై నిమిషాలైతే, సభ ఇంకా చురుగ్గా ఉన్న మొదటి అయిదు నిమిషాలూ వక్తకు దక్కకుండా పోయినట్టే.

చదువుతూ ఒక్కసారి వక్త వైపు చూడండి. తల దించుకుని చేతివేళ్లు చూసుకుంటున్నా, పక్కనున్న అధ్యక్షులతో మాటల్లో పడినా, పరిచయం ఎక్కువైందని అర్థం.

మరి ఎంతసేపు మాట్లాడాలి?

నిమిషంన్నర. ఎంత పెద్ద వక్తయినా రెండు నిమిషాలు దాటనవసరం లేదు. నింపాదిగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి సుమారు వంద మాటలు పలుకుతాం. కాబట్టి నూటయాభై మాటల్లోపు రాసుకోండి. రాసినదాన్ని ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, మైకు ముందు ఎప్పుడూ అంతకంటే ఎక్కువే పడుతుంది.

అన్ని వివరాల్లోంచి ఏవి తీసుకోవాలో ఎలా తెలుస్తుంది?

బయోడేటాను పక్కన పెట్టి, ముందు ఒక కాగితం మీద ప్రసంగం శీర్షిక రాయండి. దాని కింద, ఆ రోజు హాల్లో ఎవరు కూర్చుంటారో రాయండి. ఆ తర్వాత బయోడేటా తీసి, ఈ రెండింటికీ సంబంధం ఉన్న లైన్ల కింద మాత్రమే గీత గీయండి. మొదటిసారి చేసినప్పుడు రెండు పేజీల్లో మూడో నాలుగో గీతలే పడతాయి. కంగారు పడకండి, అలాగే ఉండాలి.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. మెట్ట ప్రాంతంలోని ఒక డిగ్రీ కాలేజీలో సభ. ప్రసంగం "మన బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయి?" వక్త భూగర్భ జలశాఖలో పనిచేసి రిటైరైన జియాలజిస్టు. వినేవాళ్లలో సగం విద్యార్థులు, మిగతా సగం చుట్టుపక్కల ఊళ్ల రైతులు. బయోడేటాలో ఇవన్నీ ఉన్నాయనుకోండి: జియాలజీలో ఎం.ఎస్సీ., సున్నపురాళ్ల మీద పీహెచ్‌డీ, శాఖలో 31 ఏళ్ల ఉద్యోగం, అందులో 18 ఏళ్లు ఇదే జిల్లా, 24 పరిశోధన పత్రాలు, ఉత్తమ ఉద్యోగి అవార్డు, రెండు విదేశీ సదస్సులు, నాలుగు సంఘాల్లో జీవిత సభ్యత్వం.

పీహెచ్‌డీ గొప్పదే, కానీ ఆయన పరిశోధించిన సున్నపురాళ్లు వేరే జిల్లావి, ఈ రోజు విషయం వేరు. తీసేయండి. ఎం.ఎస్సీ. జియాలజీ విద్యార్థుల సెమినార్ అయితే అదే వివరం ముందుకు వస్తుంది. 24 పరిశోధన పత్రాలు అన్న అంకె రైతుకు ఏమీ చెప్పదు. అవార్డు మంచిదే, కానీ అది ఆయన పనితీరుకు వచ్చింది, బోరు గురించి ఆయనకు ఏం తెలుసో చెప్పదు. సభ్యత్వాలు ఎవరికీ అక్కర్లేదు. 31 ఏళ్లు ఉంచండి, అది అనుభవం. 18 ఏళ్లు ఇదే జిల్లాలో అన్నది మాత్రం తప్పకుండా ఉంచండి. ఆ మాట వినగానే వెనక వరుసలో రైతు "అయితే మా మండలం కూడా చూసే ఉంటాడు" అనుకుని ముందుకు వంగుతాడు.

ఇంత తీసేశాక మిగిలింది రెండు లైన్లు. అవి నిజమే, పనికొచ్చేవే, కానీ మనిషి ఇంకా కనిపించడం లేదు. దానికి తర్వాతి ప్రశ్న చూడండి.

బయోడేటాలో ఆసక్తి పుట్టించే విషయమే లేదు. ఏం చేయాలి?

ఫోన్ చేయండి. సభకు రెండు మూడు రోజుల ముందు పది నిమిషాలు చాలు. "మీ గురించి ఏం చెప్పమంటారు?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే "ఏముందండీ, పంపించానుగా, మీ ఇష్టం" అంటారు. అందులోంచి ఏమీ రాదు. సూటిగా, ఒక సంఘటన బయటికి వచ్చేలా అడగండి. "అసలు ఈ పనిలోకి ఎలా వచ్చారండీ?" అనండి. "ఈ విషయంలో మీ అభిప్రాయం ఎప్పుడైనా మారిందా?" అనండి. "ఇప్పటికీ రోజూనో నెలనెలానో మానకుండా చేసే పని ఏదైనా ఉందా?" అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. ఎందుకంటే జనం అవార్డుల గురించి మొహమాటపడతారు గానీ, అలవాట్ల గురించి హాయిగా మాట్లాడతారు.

మన జియాలజిస్టు గారు ఆ ప్రశ్నకు ఇలా చెప్పారనుకుందాం: "మా ఊళ్లో మా నాన్నగారి బావి ఒకటి ఉందండి. 1994 నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం తాడు దించి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాను. రిటైరయ్యాక కూడా మానలేదు." ఇది బయోడేటాలో లేదు. ఆయన దృష్టిలో అది చెప్పుకోవాల్సిన విషయమే కాదు. మీ పరిచయానికి మాత్రం ప్రాణం ఇదే. వెంటనే ఇంకో రెండు అడగండి: "ఆ సంగతి సభలో చెప్పొచ్చా?", "ఆ నోటుబుక్కులు వెంట తేగలరా?" మొదటి ప్రశ్న తప్పనిసరి. ఫోన్లో చనువుగా చెప్పిందంతా మైకులో చెప్పడానికి అనుమతి కాదు.

ఇప్పుడు పరిచయం ఇలా రాయొచ్చు:

"అందరికీ నమస్కారం. ఎండిపోయిన బోరు చూడనివాళ్లు ఈ హాల్లో తక్కువ. ఇంకో వంద అడుగులు దించితే నీళ్లు పడతాయేమోనని అప్పు చేసి మళ్లీ వేయించినవాళ్లూ ఇక్కడ ఉన్నారు. ఆ వంద అడుగుల లోతున మన నేలలో ఏముందో చూసిన మనిషి ఈ రోజు మనతో ఉన్నారు. భూగర్భ జలశాఖలో 31 ఏళ్లు పనిచేశారు, అందులో 18 ఏళ్లు మన జిల్లాలోనే. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, తమ ఊళ్లో నాన్నగారి బావిలో నీటిమట్టాన్ని 1994 నుంచి ప్రతి నెలా తాడు దించి కొలుస్తున్నారు. రిటైరయ్యాక కూడా ఆ పని ఆపలేదు. ఆ కొలతలు రాసిన నోటుబుక్కులు వెంట తెచ్చారు. మన బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయో ఇప్పుడు వారి మాటల్లోనే విందాం. దయచేసి రండి..." అని, ఆ తర్వాత పేరు.

ఇది చదవడానికి నిమిషం కూడా పట్టదు. మొదటి మూడు వాక్యాల్లో వక్త లేరు, వినేవాళ్లే ఉన్నారు, గమనించండి. తమ సంగతి విన్నాక జనం తల ఎత్తుతారు. వక్త అప్పుడు రావాలి.

ఒకే మనిషిని వేర్వేరు సభల్లో వేర్వేరుగా పరిచయం చేయాలా?

తప్పకుండా. దీనికి అందరికీ తెలిసిన ఒక జీవితాన్ని తీసుకుందాం. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇప్పుడు మన మధ్య ఉండి, మీ సభకు వస్తున్నారనుకోండి. బయోడేటా మామూలుగా ఉండదు. మద్రాసులో వైద్యవిద్య, అమెరికా ప్రయాణం, హార్వర్డ్‌లో పరిశోధన, ఆ తర్వాత లెడర్లీ మందుల సంస్థలో పరిశోధన విభాగానికి నాయకత్వం. ఇదంతా వరుసగా చదివితే జనం గౌరవంగా చప్పట్లు కొడతారు. కానీ "ఈయన ఎవరు?" అంటే ఇంటికి వెళ్లి చెప్పలేరు.

గోదావరి జిల్లాలో ఒక ఊరి సభ అయితే బోదకాలు మాత్ర దగ్గర మొదలుపెట్టండి. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ మందును వెలికితీసింది ఆయన నాయకత్వంలోని లెడర్లీ పరిశోధకులేనంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

బయోకెమిస్ట్రీ విద్యార్థుల సభలో ఆ మాత్ర సంగతి వదిలేయొచ్చు. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి వాళ్లు ల్యాబ్‌లో నేర్చుకునే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. "మీ ప్రాక్టికల్ రికార్డులో పేరు ఉన్న మనిషి ఇప్పుడు మాట్లాడబోతున్నారు" అంటే ఆ గదిలో నిద్రపోయేవాడు ఉండడు.

అదే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల సమావేశం అయితే, గర్భిణులకు వాళ్లు తమ చేత్తో ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉంది. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపించిన బృందమే. తోడబుట్టినవాళ్లను స్ప్రూ అనే జబ్బుతో పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బు చికిత్సకు ఫోలిక్ యాసిడ్ పనికొస్తుందని కూడా చెబితే ఆ గది మొత్తం నిశ్శబ్దంగా వింటుంది. ఇక్కడ హార్వర్డ్ మాట ఎత్తకపోయినా ఆయన గౌరవం ఏమాత్రం తగ్గదు.

విదేశాల్లో తెలుగు సంఘాల సభల్లో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ పిల్లలు కూడా కూర్చుంటారు. ఇక్కడి పదవుల పేర్లు, యూనివర్సిటీల పేర్లు వాళ్లకు ఏమీ చెప్పవు. వాళ్లకు తెలిసిన ఒక వస్తువు పట్టుకుని మొదలుపెట్టండి.

వివరాలు తగ్గిస్తే వక్త గారు నొచ్చుకోరా? మా ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరు.

ఈ భయం నిజమైనదే, తేలిగ్గా తీసేయకూడదు. మన సభల్లో పరిచయం అంటే గౌరవించడం కూడా. పాతికేళ్ల పనిని ఎవరో నాలుగు ముక్కల్లో తేల్చేశారని అనిపిస్తే ఏ మనిషికైనా బాధ కలుగుతుంది. కాబట్టి ఆ వివరాలకు వేరే చోటు చూపించండి. ఆహ్వాన పత్రికలో పేరు కింద హోదా, డిగ్రీ వేయండి. సన్మానం ఉంటే సన్మాన పత్రంలో పూర్తి జీవిత విశేషాలు రాయించండి. నిండుగా చదవాల్సిన పత్రం అదే, చదవాల్సిన సమయం శాలువా కప్పేటప్పుడు. లేదా ఒక పేజీలో వక్త వివరాలు అచ్చు వేసి కుర్చీల మీద పెట్టండి. ఆసక్తి పుట్టిన తర్వాత జనం దాన్ని నిజంగానే చదువుతారు.

వక్తకు మాత్రం ముందే చెప్పండి: "సార్, మీ పూర్తి వివరాలు పత్రంలో వేస్తున్నాం. సభలో మాత్రం ఈ రోజు విషయానికి దగ్గరగా ఉన్నవే చెప్తాను. మీరు తప్పకుండా ఉండాలనుకునేది ఏదైనా ఉందా?" ఎక్కువమంది ఒకటే చెబుతారు. అది వాళ్ల గురువు పేరు కావచ్చు, చదివిన ఊరి బడి కావచ్చు. దాన్ని ఉంచండి, విషయానికి సంబంధం లేకపోయినా సరే. ఒక్క వాక్యం సభ భరిస్తుంది.

ప్రిన్సిపాల్ గారికి రాసిన పరిచయం ఒకరోజు ముందే చూపించండి. మైకు దగ్గరికి వెళ్లాక కొత్తగా వింటే ఆయన మధ్యలో లేచి మిగతా బయోడేటా చదివే ప్రమాదం ఉంది.

అవార్డులు అసలు చెప్పకూడదా?

చెప్పొచ్చు, ఒక్కటి. ఆ రోజు విషయానికి దగ్గరగా ఉన్నది, లేదా జనం పేరు విన్నది. అవార్డు ఎందుకొచ్చిందో కలిపి చెబితేనే దానికి విలువ. "ఫలానా పురస్కార గ్రహీత" అనడం కంటే "గిరిజన గూడేల్లో పాటలు సేకరించినందుకు ఫలానా పురస్కారం అందుకున్నారు" అంటే పని కూడా కనిపిస్తుంది.

పద్మ పురస్కారాల విషయంలో జాగ్రత్త. అవి బిరుదులు కావు. పేరుకు ముందో వెనకో తగిలించకూడదని ప్రభుత్వ నిబంధనలు చెబుతాయి. 1995లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. కాబట్టి "పద్మశ్రీ ఫలానా గారు" అని పిలవకండి, ఫ్లెక్సీ మీదా వేయకండి. "ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు" అని వాక్యంలో చెప్పండి.

పరిచయం సభలో ఎప్పుడు చేయాలి?

వక్త లేవబోయే ముందు. మన సభల్లో తరచూ జరిగేది ఇది: వేదిక మీదికి పిలిచేటప్పుడే అందరి బయోడేటాలూ చదివేస్తారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతోపన్యాసం, అధ్యక్షోపన్యాసం. గంట గడిచాక వక్త లేచేసరికి ఆయన ఎవరో ఎవరికీ గుర్తుండదు. వేదిక మీదికి పిలిచేటప్పుడు పేరు, హోదా చాలు. పరిచయాన్ని విడదీసి, ప్రసంగానికి సరిగ్గా ముందు పెట్టండి. ముగ్గురు వక్తలుంటే ముగ్గురినీ ఒకేసారి కాకుండా, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లను అరనిమిషం చొప్పున పరిచయం చేయండి.

వక్త మహిళ అయితే వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఒక మగ శాస్త్రవేత్త గురించి ఏం చెబుతారో ఆమె గురించీ అదే చెప్పండి. "ఒకవైపు ఇల్లు చక్కదిద్దుకుంటూనే", "ఫలానా గారి శ్రీమతి" అనే మాటలు ఇంకా వినిపిస్తున్నాయి. ఆమె ఎదురుగా కూర్చుని వినాల్సి వస్తుంది, అది నాకు బాధగా ఉంటుంది. రాసిన పరిచయంలో ఆమె పేరు తీసి ఒక మగ వక్త పేరు పెట్టి చదవండి. ఏ వాక్యం ఎబ్బెట్టుగా వినిపిస్తే దాన్ని కొట్టేయండి. ఆమె స్వయంగా ఇంటి సంగతి చెప్పమంటే, అది ప్రసంగానికి సంబంధించినదైతే, అప్పుడు వేరు.

"పరిచయం అక్కర్లేని వ్యక్తి" అని మొదలుపెట్టొచ్చా?

వద్దు. అది ప్రతి సభలో వినీ వినీ అరిగిపోయిన మాట. సూర్యుడికి దివిటీ చూపించడం, బహుముఖ ప్రజ్ఞాశాలి, మృదుభాషి, నిగర్వి కూడా అంతే. ఇవి ఏ వక్తకైనా సరిపోతాయి, కాబట్టి ఈ వక్త గురించి ఏమీ చెప్పవు. నిజంగానే అందరికీ తెలిసిన మనిషి అయితే, అందరికీ తెలిసింది వదిలేసి తెలియని ఒక్క సంగతి చెప్పండి, చాలు.

ఆసక్తి పెంచాలని ప్రసంగంలోని విషయాలు కూడా చెప్పేస్తే?

అది వక్త చేతిలోంచి ఆయుధం లాక్కున్నట్టు. ప్రశ్న మీరు వేయండి, జవాబు ఆయనకు వదిలేయండి. పైన రాసిన పరిచయంలో నోటుబుక్కులు ఉన్నాయని చెప్పాం గానీ, వాటిలో నీటిమట్టం ఎంతకు పడిందో చెప్పలేదు. ఆ అంకె ఆయన నోటే రావాలి. అలాగే "పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తారు", "మీ జీవితాలు మారిపోతాయి" అని మాట ఇవ్వకండి. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది మీరు కాదు, ఆయన.

ఇంటర్నెట్‌లో దొరికిన వివరాలు వాడొచ్చా?

వక్తను అడిగి నిర్ధారించుకున్నాకే. మనలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు చాలామంది. ఒకరి పుస్తకం ఇంకొకరి ఖాతాలో పడటం సులభం. పాత హోదాలు కూడా అక్కడ అలాగే ఉండిపోతాయి.

పేరు మొదట చెప్పాలా, చివర చెప్పాలా?

ఫ్లెక్సీ మీద పేరు ఉంటుంది కాబట్టి అది రహస్యం కాదు. అయినా చివర చెప్పడమే మేలు. పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి, ఆ చప్పట్లలోనే వక్త లేచి వస్తారు. పేరు మధ్యలో చెబితే చప్పట్లు మధ్యలో పడి, మీ మిగతా మాటలు ఎవరికీ వినిపించవు. పేరు ఎలా పలకాలో, ఇంటిపేరుతో పిలవాలో ఇనిషియల్స్‌తో పిలవాలో ముందే వక్తనే అడగండి. కలం పేరుతో తెలిసిన రచయిత అయితే ఆ పేరే చెప్పండి.

చివరి నిమిషంలో పని నా మీద పడింది. బయోడేటా కూడా లేదు.

వక్త వచ్చి కూర్చున్న గదికి వెళ్లి నమస్కారం పెట్టి ఒక్కటే అడగండి: "ఈ విషయం మీకు మొదట ఎక్కడ తగిలిందండీ?" చెప్పిన జవాబును రెండు వాక్యాల్లో రాసుకుని, "ఇలా చెప్పొచ్చా?" అని వినిపించండి. దానికి ముందు వినేవాళ్ల గురించి ఒక వాక్యం, చివర పేరు. నలభై సెకన్ల పరిచయం అవుతుంది, సభకు అది సరిపోతుంది.

పేరు చెప్పేశాక వెంటనే వెళ్లి కూర్చోవచ్చా?

వక్త మైకు దగ్గరికి వచ్చేదాకా అక్కడే నిలబడండి. మైకు స్టాండు వక్త ఎత్తుకు సరిచేయండి, మీ కాగితాలు పోడియం మీద మర్చిపోకండి, మంచినీళ్ల సీసా చేతికి అందేలా ఉందో లేదో చూడండి. వక్త వచ్చాక నమస్కారం పెట్టి, ఆయనకు అడ్డం రాకుండా పక్క నుంచి దిగండి.